పాత 7ని చెరిపే ముందు కొలవండి: జెర్సీ ఫొటోలో నంబరు మార్చడం ఎలా

సంక్రాంతి టోర్నమెంటులో గెలిచారని కాశీనగర్ వైపు ఒక ఊళ్లో పెద్దలు తమ వాలీబాల్ కుర్రాళ్లకి కొత్త జెర్సీలు వేయించారు. నేవీ బ్లూ బట్ట, వీపు మీద తెల్ల నంబరు, దాని పైన పేరు. టీమంతా పర్లాకిమిడిలో మా స్టూడియోకి వస్తే, బయట ఎండలో వెనక్కి తిప్పి వరుసగా నిలబెట్టి, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి వేయించి ఫొటో తీశాను. మూడో రోజు కెప్టెన్ ఒక్కడే వచ్చాడు. "ఏటన్నా, నువ్వూ చూడలేదా? ఇద్దరికీ 7 పడిపోనాది. మధ్యలో ఉన్నోడిది 17" అన్నాడు. ఆ మధ్యలో కుర్రాడు అప్పటికే సూరత్ రైలెక్కేశాడు. ఫ్లెక్సు మర్నాటికల్లా ఊరి జంక్షన్లో కట్టాలి.

ఇలాంటి పని మీకూ వస్తుంది. ఎక్కువమంది ఫొటోషాప్‌లో ముందు పాత నంబరు తుడిచేసి, కొత్తది టైపు చేసి, కొంచెం వంచి, Multiply పెట్టి వదిలేస్తారు. అప్పుడు నంబరు చొక్కా మీద కాక, చొక్కాకి ముందు గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. నేను చెప్పేది దానికి ఎదురు పద్ధతి. ఆ చొక్కా ఎక్కడ సాగింది, ఎక్కడ ముడుచుకుంది, ఆ ఎండలో తెలుపు ఎంత తెల్లగా ఉంది అన్నవన్నీ పాత నంబరులోనే ఉన్నాయి. అది మీ దగ్గరున్న కొలత టేపు. కొలవడం అయ్యాకే చెరపండి.

ఫొటో కూడా ఒరిజినలే కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో బట్ట నేత సగం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కార్డు తెమ్మనండి. నా ఫొటో 6000×4000 పిక్సెళ్లు. అందులో ఆ 7 ఎత్తు దాదాపు 620 పిక్సెళ్లు, బట్ట మీది సన్నటి చిల్లుల మధ్య దూరం దాదాపు 7 పిక్సెళ్లు. ఈ రెండు కొలతలూ కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ముందు ఆ ప్రింటు ఏ రకమో చూడండి

ఫొటోని 200 శాతానికి పెంచి నంబరు అంచు చూడండి. మన దగ్గర జెర్సీల మీద ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి సబ్లిమేషన్. ఇందులో రంగు పాలిస్టర్ దారంలోకే ఇంకిపోతుంది కాబట్టి నంబరు మీద కూడా బట్ట చిల్లులు బయట ఎలా ఉన్నాయో అలాగే కనిపిస్తాయి, అంచుకి మందం ఉండదు. సబ్లిమేషన్ ఇంకుల్లో తెలుపు లేదు. అందుకే అలాంటి జెర్సీలో తెల్ల నంబరు అంటే ఇంకు పడకుండా వదిలేసిన తెల్ల బట్టే.

రెండోది వినైల్, అంటే కత్తిరించిన షీటుని హీట్ ప్రెస్‌తో అతికించేది. ఇది బట్ట పైన కూర్చుంటుంది. చిల్లులు మూసుకుపోయి వాటి చోట చిన్న గుంతల్లా మాత్రమే కనిపిస్తాయి, ఎండ పడిన వైపు కొంచెం మెరుస్తుంది. బట్ట మెత్తగా మడత పడే చోట ఇది కాస్త బిగుసుగా మడుస్తుంది. మా కుర్రాళ్లది ఇదే. రకం తప్పుగా అనుకుంటే మిగతా పనంతా బాగా చేసినా ఏదో తేడాగా ఉంటుంది. వినైల్ నంబరులో చిల్లులు స్పష్టంగా వేసేస్తే, పక్కవాడి వీపు మీది నంబరుతో పోల్చగానే దొరికిపోతుంది.

పాత నంబరు మీద కొత్త 7 పరచండి

ఇది చదవగానే వింతగా ఉంటుంది. 17 కావాలంటే ముందు 7 ఎందుకు? బట్ట ఎలా వంగిందో తెలుసుకోవాలంటే, వంగక ముందు రూపం తెలిసినది ఒకటి కావాలి. అది 7 ఒక్కటే.

ఫొటోషాప్‌లో పొడవాటి దీర్ఘచతురస్రం ఒకటి గీయండి. అది పరిచిన జెర్సీ వీపు భాగం అనుకోండి. ఫొటోలో పడే సైజుకి రెండింతలు పెద్దగా ఉంటే మంచిది. అందులో పైన పాత పేరు, మధ్యలో 7, నిట్టనిలువుగా సన్నటి మధ్యగీత పెట్టండి. ఫాంటు దొరక్కపోతే టీమ్‌లో అందరికంటే నిటారుగా నిలబడినవాడి వీపు చూసి పెన్ టూల్‌తో అంకెలు గీసుకోండి. మా ఫొటోలో చివర నిలబడినవాడి నంబరు 11. దానివల్ల 1 ఆకారం, రెండంకెల మధ్య ఖాళీ రెండూ ఊహించకుండానే దొరికాయి. గ్రూప్ ఫొటోలో ఈ సౌకర్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ముందు అందరి వీపులూ చూడండి.

ఈ లేయర్లన్నీ ఎంచుకుని Layer > Smart Objects > Convert to Smart Object నొక్కండి. ఒపాసిటీ 50 శాతానికి దించి, Edit > Transform > Warp తెరిచి, పైన గ్రిడ్ 3×3 పెట్టండి. మొదట నాలుగు మూలలు సరిచేయండి. పై అంచు మెడ కుట్టుకీ, కింది అంచు చొక్కా అంచుకీ సాగే దిశలో ఉండాలి. తర్వాత లోపలి గీతలు కదుపుతూ మీ 7 పాత 7 మీద, మీ పేరు పాత పేరు మీద సరిగ్గా కూర్చునేదాకా జరపండి.

ఇక్కడ తొందర వద్దు. ఆ కుర్రాడి కుడి చెయ్యి పక్కవాడి భుజం మీద ఉంది. దానివల్ల వీపు బట్ట కుడి చంక వైపు లాగింది. 7 పై అడ్డగీత కుడి చివర పైకి లేచి, ఎడమ చివరకంటే కాస్త పొడవు సాగింది. చంక నుంచి నడుము వైపు ఏటవాలుగా దిగిన మడత 7 కాలుని మధ్యలో విరిచినట్టు చేసింది. అడ్డగీత వాలుని, సాగుని వార్ప్‌తో పట్టుకోవచ్చు. మడత దగ్గర విరుపుని మాత్రం వార్ప్‌తో పట్టాలని చూడకండి. అది తర్వాత వేసే డిస్‌ప్లేస్ ఫిల్టర్ పని. వార్ప్‌లో చిన్న చిన్న మడతలు కూడా సరిచేయబోతే అంకె రబ్బరులా అటూ ఇటూ అలలు తిరుగుతుంది.

రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోయాక ఎంటర్ కొట్టి, స్మార్ట్ ఆబ్జెక్ట్ బొమ్మ మీద డబుల్ క్లిక్ చేయండి. లోపల వంపు లేని పరిచిన చొక్కా తెరుచుకుంటుంది. 7 తీసేసి 17 పెట్టండి. రెండంకెల మొత్తం వెడల్పుకి మధ్య ఎక్కడో చూసి దాన్ని మధ్యగీత మీదికి తేవాలి. అంటే 7 పాత చోట ఉండదు, కుడికి జరుగుతుంది. పాత 7ని అలాగే ఉంచి పక్కన 1 అతికిస్తే సరిపోదా అనిపిస్తుంది గానీ, అప్పుడు నంబరంతా ఎడమకి ఒరిగిపోయి ప్రింటు వేసినవాళ్ల తప్పులా కనిపిస్తుంది. దీర్ఘచతురస్రం, పాత పేరు, మధ్యగీత లోపల కనిపించకుండా ఆపేయండి. Ctrl+S కొట్టి మూస్తే, బయట ఫొటోలో 17 అదే వంపుతో కూర్చుంటుంది. కుడి చివరకి వెళ్లిన 7 ఇప్పుడు ఆ సాగిన చోటే ఉంది కాబట్టి, పాత 7కంటే కొంచెం వెడల్పుగా కనిపిస్తుంది. నిజం చొక్కా మీదా అంతే కదా.

ఈ లేయరుని ప్రస్తుతానికి కనిపించకుండా ఆపేయండి.

ఇప్పుడు కొలత తీసుకుని, పాతది చెరపండి

చెరిపే ముందు Info పలకలో పాత నంబరు రంగులు చూసి రాసుకోండి. మా 7 ఎండ తగిలే చోట 236, 238, 242 ఉంది. మడత లోపల 168, 174, 190. చూశారా, తెలుపు ఎక్కడా 255 లేదు, నీడలో నీలం వైపు మొగ్గింది. ఈ రెండు కొలతలూ రాసుకోకపోతే తర్వాత తెలుపు కళ్లకి కొట్టినట్టు ఉంటుంది.

కొత్త ఖాళీ లేయరు మీద Clone Stamp తీసుకోండి. Aligned టిక్ పెట్టి, Sample దగ్గర Current & Below ఎంచుకోండి. మూలం తీసుకునేటప్పుడు పక్కనుంచి తీసుకోవద్దు, అదే మడత వెంబడి పైనుంచో కిందనుంచో తీసుకోండి. మడత మీద మడతే పడాలి, చదును మీద చదునే పడాలి. చిల్లుల వరుస కూడా కలవాలి. మొదటి దెబ్బకే చిల్లు మీద చిల్లు సరిగ్గా పడేలా ఆగి చూసి వేయండి, లేకపోతే బట్ట మీద కుట్టు వేసినట్టు గీత కనిపిస్తుంది. పెద్ద ఖాళీ అయితే Edit > Content-Aware Fill మొదట వాడి, తర్వాత చేత్తో సరిచేయడం తేలిక. అది చదును చోట బాగా నింపుతుంది, మడతల దగ్గర మాత్రం తరచూ తప్పుతుంది.

పాత నంబరు కింద మడత నీడ పోయి బట్ట చదునైపోతే భయపడక్కర్లేదు. Curves లేయరు ఒకటి ముదురుగా, ఒకటి లేతగా పెట్టి, మాస్క్ నల్లగా చేసి, మెత్తటి బ్రష్ 10 శాతం ఫ్లోతో మడత దారి వెంట తెల్లగా గీస్తే నీడా వెలుగూ తిరిగొస్తాయి. 17 కింద దాగిపోయే భాగాన్ని కూడా ఇలాగే శుభ్రం చేయండి. ఎందుకో వెంటనే తెలుస్తుంది.

మడత దగ్గర అంచు విరగాలి

శుభ్రం చేసిన ఫొటో మొత్తానికి ఒక కాపీ తీసి, గ్రేస్కేల్ చేయండి. ఇదే డిస్‌ప్లేస్ మ్యాప్ అవుతుంది. Filter > Distort > Displace ఈ మ్యాప్ చూసి పిక్సెళ్లని జరుపుతుంది. మధ్య బూడిదరంగు, అంటే 128 ఉన్న చోట ఏమీ జరగదు. అంతకంటే ముదురైతే ఒక వైపు, లేతైతే రెండో వైపు జరుగుతుంది. స్కేల్ 100 పెడితే ఎక్కువలో ఎక్కువ 128 పిక్సెళ్లు జరుగుతుంది. కాబట్టి 6 పెడితే దాదాపు 8 పిక్సెళ్లు. 620 పిక్సెళ్ల నంబరుకి అది చాలు.

నేవీ బ్లూ బట్ట గ్రేస్కేల్లో 40 దగ్గర ఉంటుంది, 128 దగ్గర కాదు. అలాగే వాడితే నంబరంతా ఏటవాలుగా పక్కకి జరిగిపోతుంది, మడతల దగ్గర మాత్రం పెద్దగా వంగదు. చాలామంది ఇక్కడే "డిస్‌ప్లేస్ పనిచేయట్లేదు" అని వదిలేస్తారు. Levels తెరిచి, చదునుగా ఉన్న వీపు భాగం 128 దగ్గరికి వచ్చేదాకా లేతపరచండి. మడత లోపల 70, 80 దాకా, వెలుగు మీద 180 దాకా ఉంటే బాగుంటుంది.

తర్వాత Gaussian Blur. ఎంత అంటే చిల్లుల మధ్య దూరమంత. మాకు 7 పిక్సెళ్లు కాబట్టి 7 పెట్టాను. బ్లర్ తక్కువైతే ప్రతి చిల్లూ అంచుని లాగి, నంబరు ఎలుక కొరికినట్టు అవుతుంది. ఎక్కువైతే మడత కూడా కరిగిపోయి ఏమీ వంగదు. మ్యాప్‌ని PSDగా సేవ్ చేయండి. ఫొటో సైజూ మ్యాప్ సైజూ ఒకటే ఉండాలి, మధ్యలో క్రాప్ చేయవద్దు.

ఇప్పుడు ఆపేసిన 17 స్మార్ట్ ఆబ్జెక్ట్‌ని మళ్లీ కనిపించేలా చేసి, ఒపాసిటీ 100 శాతానికి తెచ్చి, దాని మీద Displace వేయండి, రెండు స్కేళ్లూ 6, తర్వాత ఆ PSD చూపించండి. స్మార్ట్ ఆబ్జెక్ట్ కాబట్టి నచ్చకపోతే స్కేలు మార్చి మళ్లీ చూడొచ్చు. అంచు మడతకి ఎదురు వైపు వంగిందనిపిస్తే స్కేలుకి మైనస్ పెట్టండి. ఇంకొక లోపం కూడా చూడండి. 17 లోపల పాత 7 ఆకారంలో మెలికలు వస్తే, మ్యాప్ శుభ్రం చేయకముందు ఫొటో నుంచి తీశారన్నమాట. ఆ తెల్ల 7 మ్యాప్‌లో ఉండిపోయి కొత్త నంబరుని లాగుతోంది.

తెలుపు, నీడ, గుంతలు

లేత చొక్కా మీద ముదురు నంబరైతే Multiply పెడితే చాలావరకు పని అయిపోతుంది. ముదురు చొక్కా మీద తెలుపుకి అది పనికిరాదు, Multiplyలో తెలుపు మాయమైపోతుంది. కాబట్టి నంబరు Normalలోనే ఉండాలి, నీడని పైనుంచి తేవాలి.

ముందు నంబరు రంగు మీరు రాసుకున్న 236, 238, 242 పెట్టండి. శుభ్రం చేసిన బట్ట కాపీని నంబరు పైన పెట్టి, Alt నొక్కి రెండు లేయర్ల మధ్య క్లిక్ చేస్తే అది నంబరు లోపలే కనిపిస్తుంది. దాన్ని రంగు తీసేసి, 2 పిక్సెళ్లు బ్లర్ చేసి, Multiply పెట్టి, Levelsతో చదును భాగం పూర్తి తెల్లగా, మడత మాత్రం బూడిదగా ఉండేలా లాగండి. ఎంతవరకు? Info పలకలో ఆ మడత చోట 170 దగ్గర కనిపించేదాకా. అదే పాత 7 చెప్పిన కొలత. నీడలో నీలం ఛాయ కోసం Color Balanceలో మిడ్‌టోన్స్ కొద్దిగా నీలం వైపు జరపండి.

గుంతల కోసం బట్ట కాపీ ఇంకొకటి తీసి, Filter > Other > High Pass 2 పిక్సెళ్లు వేసి, అదే విధంగా నంబరు లోపలికి కలిపి, మోడ్ Linear Light పెట్టండి. Overlay ఇక్కడ అంతగా పనిచేయదు, దాదాపు తెల్లగా ఉన్న రంగు మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఒపాసిటీ వినైల్‌కి 15 నుంచి 20 శాతం, సబ్లిమేషన్‌కి ఇంకా ఎక్కువ. చివర నిలబడిన 11తో పక్కపక్కన పెట్టి చూస్తూ ఆపండి.

అంచు ఆఖరికి. కెమెరా తీసిన అంచు ఎప్పుడూ కత్తితో కోసినట్టు ఉండదు. పక్కవాడి నంబరు అంచుని బాగా పెద్దగా చేసి, తెలుపు నుంచి నీలానికి ఎన్ని పిక్సెళ్లలో మారుతోందో లెక్కపెట్టండి. మాకు మూడు. 0.7 బ్లర్‌తో సరిపోయింది. Add Noise ఒకటిన్నర శాతం వేస్తే మిగతా ఫొటో గ్రెయిన్‌తో కలిసింది. వినైల్ మందం కోసం కింది అంచున ఒక పిక్సెల్ ముదురు గీత సరిపోతుంది, అదీ నీడ పడే వైపే. చుట్టూ డ్రాప్ షాడో వేయవద్దు.

పేరు కూడా మార్చాల్సి వస్తే

పద్ధతి ఇదే. పేరు భుజాల మధ్య పడుతుంది కాబట్టి చివరి అక్షరాలు ఒంటి వంపు వెంట అవతలికి తిరిగి సన్నబడతాయి. కొత్త పేరు పాతదానికంటే పొడవైతే, జెర్సీ వేసేవాళ్లు అక్షరాల వెడల్పు తగ్గించి ఇరికిస్తారు, ఎత్తు తగ్గించరు. మీరూ అదే చేయండి.

తెలుగు పేరైతే ఇంకో చిక్కు. కృష్ణ, ఈశ్వర్ లాంటి పేర్లకి వత్తులూ వట్రసుడులూ కిందికి దిగుతాయి, నంబరుకి తగులుతాయి. పేరుని ఆమేరకు పైకి జరపాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో తెలుగు యూనికోడ్ టైపు చేసినప్పుడు వత్తులు విడిపోయి వస్తే, ప్యారాగ్రాఫ్ పలక మెనూలో World-Ready Layout ఎంచుకోండి. అను ఫాంట్లతో టైపు చేసేవాళ్లకి ఆ సమస్య రాదు.

ఎప్పుడు ఒప్పుకోకూడదు

పక్కకి బాగా తిరిగి నిలబడి నంబరు సగమే కనిపిస్తే, లేదా నంబరు ఎత్తు వంద పిక్సెళ్లు కూడా లేకపోతే కొలవడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు మళ్లీ తీయడమే మేలని చెప్పేయండి. సెలక్షన్ కాగితాలకీ, ఎవరు ఆడారో రుజువు చూపించే ఫొటోలకీ నంబరు మార్చమంటే నేను ఒప్పుకోను. ఫ్లెక్సుకైనా ఆ ఆటగాడికి చెప్పాకే మార్చండి. మేము కెప్టెన్ ఫోన్ నుంచి సూరత్‌కి కాల్ చేసి అడిగాం.

ఇచ్చేముందు ఫొటోని అడ్డంగా తిప్పి చూడండి. మన కంటికి అలవాటైపోయిన తప్పు అద్దంలో తిరగేస్తే బయటపడుతుంది. నాకు అలాగే 1 కింది భాగం మడత నీడని దాటి తెల్లగా మిగిలిపోయిందని తెలిసింది. నీడ లేయరు మాస్క్‌లో రెండు గీతలతో సరిచేశాను. కెప్టెన్ వచ్చాక ఏమీ చెప్పకుండా స్క్రీన్ మీద పెట్టాను. వేలితో ఒక్కొక్కరి వీపూ చూసుకుంటూ వెళ్లి, "ఏదన్నా మార్చింది? ఇతనిదేనా?" అని 11 దగ్గర ఆగాడు.